గుర్తు తిరగబడ్డ ప్రశ్న

రాజాంలో నేను ఎమ్మెస్సీ గణితం చదివిన కాలేజీ వెనక ఒక రైసుమిల్లు ఉండేది. మధ్యాహ్నం రెండయ్యేసరికి ధాన్యం ఉడకబెట్టే వాసన మా రెండో అంతస్తు దాకా వచ్చేది. అన్నం తిన్న కడుపులతో, ఆ వాసనలో, సగం మంది నిద్రకి తూగుతుండగా మా మాస్టారు కుంభాకార సమితులు చెప్పేవారు. కుంభాకారం అని పుస్తకంలో ఉండేది గాని మేమంతా కాన్వెక్స్ అనేవాళ్ళం.

మాస్టారిది కోటబొమ్మాళి. వారమంతా రాజాంలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండి, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఊరికి పోయేవారు. పాఠం పుస్తకాల తెలుగులోనే మొదలుపెట్టేవారు కానీ పది నిమిషాలు గడిచేసరికి ఆయన ఊరి మాట బయటపడిపోయేది. ఆ మొదటిరోజు పాఠం నాకింకా గుర్తు. బోర్డు మీద ఒక గుండ్రం గీసి, పక్కనే చంద్రవంక గీసి, జేబులోంచి పురికొస తీశారు. ఇద్దర్ని పిలిచి చెరో కొసా పట్టుకోమన్నారు.

“ఈ ఆకారం లోపల మీకు నచ్చిన రెండు చోట్ల వేలు పెట్టండి. తాడు బిగించండి. తాడంతా లోపలే ఉన్నాదా?”

గుండ్రంలో ఎక్కడ పెట్టినా తాడు లోపలే ఉంది. చంద్రవంకలో రెండు కొమ్ముల దగ్గరా పెట్టేసరికి నడుమ భాగం బయటికి పోయింది.

“అంతే. రెండు బిందువులు లోపల ఉంటే సాలదు. వాటిని కలిపే రేఖాఖండం మొత్తం లోపలే ఉండాల. ఏ రెండు తీసినా ఉండాల. అప్పుడే కాన్వెక్స్.”

ముందు బెంచీ అబ్బాయి లేచి, చంద్రవంక కడుపులో దగ్గరదగ్గరగా రెండు వేళ్ళు పెట్టి, “ఇక్కడ లోపలే ఉంది కద సార్” అన్నాడు. మాస్టారు నవ్వారు. “ఉంటాది. ఒక జత లోపల ఉందని మురిసిపోకు. కాదని సెప్పడానికి ఒక్క జత సాలు. అవునని సెప్పాలంటే మాత్రం అన్ని జతలకీ సెప్పాల. అన్నిటికీ తాడు కట్టలేవు కదా, అందుకే అక్షరాలతో సెయ్యాల.”

అలా బొమ్మల నుంచి అసమీకరణాలకి వచ్చాం. సమితిని గీసి చూపించరు. రెండు ఎక్స్, మూడు వై కలిపితే పన్నెండు దాటకూడదు అని ఒక షరతు ఇస్తారు. ఆ షరతుకి లోబడ్డ బిందువులన్నీ కలిస్తే సమితి. లోపల రెండు బిందువులు తీసుకోవాలి. మొదటిదానిలో లాంబ్డా వంతు, రెండోదానిలో మిగిలిన వంతు కలిపితే రేఖాఖండం మీద ఒక బిందువు వస్తుంది. లాంబ్డా సున్నా అయితే ఆ కొస, ఒకటి అయితే ఈ కొస, సగం అయితే నట్టనడుమ. ఆ బిందువు కూడా షరతుకి లోబడుతుందా అన్నదే పరీక్ష. ఈ పన్నెండు లెక్కలో ఇబ్బందే లేదు. రెండూ పన్నెండు దాటనప్పుడు, రెండిట్లోంచీ వాటాలు తీసి కలిపింది పన్నెండెలా దాటుతుంది? షరతులో లబ్దాలూ, వర్గాలూ వచ్చినప్పుడే జాగ్రత్తగా ఉండాలి.

మా తరగతిలో ఒక అక్క ఉండేది. మా అందరికన్నా ఏడేళ్ళు పెద్దది. డిగ్రీ అయిన వెంటనే పెళ్ళయి, నరసన్నపేట వైపు ఒక పల్లెలో కాపురం చేసుకుంటూ, కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మళ్ళీ చదువుకొచ్చింది. రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. సగం రోజులు మొదటి పీరియడు సగంలో గుమ్మం దగ్గర నిలబడి, “సార్, రమ్మంటారా?” అనేది. నా పక్క చోటు ఖాళీగా ఉండడంతో అక్కడే కూర్చునేది. నేను తనని అక్కా అనేదాన్ని. తను నన్ను పిల్లా అనేది.

నేను చురుకైనదాన్ని. గొప్పకి చెప్పడం లేదు, అప్పట్లో అందరూ అనేవారు. మాస్టారు చేసిన రుజువు ఒకసారి రాసుకుంటే చాలు, అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ రాయగలిగేదాన్ని. మొదటి సెమిస్టర్‌లో కాలేజీ ఫస్ట్ నాదే. అక్క అలా కాదు. నెమ్మది. ఏ సమితి ఇచ్చినా ముందు అంకెలు వేసుకునేది. కూతురి పాత నోట్‌బుక్కులో మిగిలిన కాగితాల మీద, ఒక పక్క ‘అల, వల’ అని పెద్దపెద్ద అక్షరాలుంటే రెండో పక్క అక్క బిందువులుండేవి. రెండు బిందువులు, నడుమ ఒకటి. మళ్ళీ రెండు, మళ్ళీ నడుమ ఒకటి.

“అన్ని జతలు వేసినా రుజువు అవదు కదక్కా” అనేదాన్ని.

“అవదు పిల్లా. కానీ నాకు ముందు ఏటవుతాదో కనపడాల. కనపడకండా రాస్తే నాకు సెయ్యి ఆడదు.”

మధ్యాహ్నం వరండాలో కూర్చుని అన్నం తినేటప్పుడు కూడా అదే గొడవ. తన డబ్బాలోంచి వంకాయకూర నాకు పెడుతూ, “మరైతే ఎక్స్ వర్గం, వై వర్గం కలిపి నాలుగుకి తక్కువ కాకూడదంటే?” అని అడిగేది. నేను ముద్ద మింగేలోపే తనే చెప్పేసేది. “రెండు, సున్నా ఒకటి. మైనస్ రెండు, సున్నా ఒకటి. నడుమ సున్నా, సున్నా. అది లేదు కద లోపల! కన్నం ఉన్నాది.” చిన్నపిల్లలా నవ్వేది. ఆ వరండా, ఆ వంకాయకూర, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆకలేస్తుంది.

ఇక ఆ లెక్క. మాస్టారు నోట్సులో చేసి చూపించిన సమితి ఇది: ఎక్స్, వై రెండూ ధనసంఖ్యలు, వాటి లబ్దం నాలుగుకి తక్కువ కాకూడదు. అది కాన్వెక్స్. రుజువు ఒక పేజీ ఉంటుంది. నడుమ బిందువు లబ్దాన్ని విడదీస్తే ఒక బిందువు ఎక్స్‌ని రెండోదాని వైతో అడ్డంగా గుణించిన రెండు పదాలొస్తాయి. ఆ రెండిటి మొత్తం ఎనిమిదికి తగ్గదని చూపించాలి. అక్కడే కిటుకంతా ఉంది. అది దాటితే మిగిలింది దానంతటదే నాలుగు దగ్గర తేలుతుంది. నాకా పేజీ కంఠస్థం.

ఇంటర్నల్ పరీక్షలో చివరి ప్రశ్న, పది మార్కులు. ఎక్స్, వై, లబ్దం, నాలుగు అని చూడగానే ప్రాణం లేచొచ్చింది. గబగబా రాసుకుంటూ పోయాను. అడ్డ గుణకారాల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడో ముడి పడింది. ప్రశ్నలో గుర్తు చూశాను. లబ్దం నాలుగుకి మించకూడదు అని ఉంది. నోట్సులో తగ్గకూడదు. నా రుజువేమో ఎనిమిదికి తగ్గదు అని వస్తోంది, నాకు కావలసింది ఎనిమిదికి మించదు అని. ఒక్క నిమిషం పెన్ను ఆగింది. తర్వాత నేనేం చేశానంటే, ఆ వరుసలో గుర్తు తిప్పి రాసేశాను. కారణం రాయలేదు. ముందూ వెనకా ఉన్న వరుసలు చక్కగా అతుక్కున్నాయి. కింద రెండు గీతలు గీసి, కావున కాన్వెక్స్ అని రాశాను.

వారం తర్వాత పేపర్లిచ్చారు. నాకు పదికి పది. తరగతిలో ఎక్కువమందికి ఎనిమిది, తొమ్మిది. అక్క పేపరు మీద ఆ ప్రశ్నకి ఎర్ర సున్నా, పక్కనే ‘నోట్సు చూడుము’ అని మాస్టారి చేవ్రాత. ఆ సున్నాతో అక్కకి ఆ సబ్జెక్టు ఇంటర్నల్స్ పోయినట్టే.

 బెల్లు కొట్టాక అక్క వరండాలో నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“పిల్లా, నాకొకటి సెప్పు. ఒకటి, నాలుగు. లబ్దం నాలుగు. లోపలుందా?”

“ఉంది.”

“నాలుగు, ఒకటి?”

“అదీ ఉంది.”

“రెండిటికీ నడుమ?”

“రెండున్నర, రెండున్నర” అన్నాను. అంటూనే మనసులో గుణించాను. రెండున్నర రెండున్నరల ఆరుంపావు.

“ఆరుంపావు నాలుగుకి మించనేదా?” అంది అక్క.

ప్రశ్నాపత్రం తీసి చూపించింది. గుర్తు తిరగబడి ఉంది. మాస్టారు నోట్సులో లెక్కే ఇచ్చి ఉంటారు, టైపు చేసిన చోట ఎక్కడో మారిపోయింది. తరగతి అంతా అచ్చులో ఉన్నదాన్ని వదిలేసి నోట్సులో ఉన్నదాన్ని రాసింది. మాస్టారు కూడా నోట్సులో ఉన్నదాన్నే దిద్దారు. అక్క ఒక్కతే అచ్చులో ఉన్న ప్రశ్నకి జవాబు రాసింది. అదీ నాలుగే వరుసల్లో.

“ఒలమ్మో, అయితే నాది సరైనదే కద! సార్‌కి సెబుదాం రా” అంది.

నేను వెంటనే కదల్లేదు. ఇది చెప్పుకోవడానికి ఇన్నేళ్ళయినా సిగ్గుగానే ఉంది. “ఆయన పెద్దాయనక్కా. తరగతిలో ఇరవై ఎనిమిది మందికీ వేసిన మార్కులు మళ్ళీ తీసెయ్యాలంటే ఒప్పుకుంటారా? ఫైనల్లో చూసుకోవచ్చులే” అన్నాను. అక్క నా ముఖంలోకి చూసింది. బస్సు వేళయిందని చెప్పి మెట్లు దిగిపోయింది.

అది శుక్రవారం, మర్నాడు రెండో శనివారం సెలవు. మా ఇల్లు బజారు వీధిలోనే. నాన్నది గాజుల కొట్టు. శనివారం సాయంత్రం కొట్లో కూర్చుని పేపరు తీసి ఆ వరుస చూసుకున్నాను. ఎంత శ్రద్ధగా తిప్పి రాశానో ఆ గుర్తు! కొట్టేసిన మచ్చ కూడా లేదు. తెలియకుండా తప్పు జరగడం వేరు, నా చెయ్యి ఆగి, తెలిసి, ముందుకి పోవడం వేరు. అమ్మ వచ్చి, “ఏటే, మార్కులు తగ్గేయా? ముఖం అలా ఉన్నాదేటి?” అంది. “పదికి పది వచ్చేయి” అన్నాను. “మరింకేటి?” అని లోపలికి వెళ్ళిపోయింది. ఏమని చెప్పను?

సోమవారం అక్క వచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాను. “రా అక్కా, వెళ్దాం” అన్నాను.  వానకి తడిసిన కొంగు దులుపుకుంటూ అక్క నా వెనకే వచ్చింది.

స్టాఫ్‌రూములో మాస్టారు ఒక్కరే ఉన్నారు. అక్క పేపరు చూసి, “అది కాన్వెక్సే కదమ్మా. నోట్సులో సేసేం” అన్నారు.

“సార్, ఒకటి, నాలుగు తీసుకోండి” అంది అక్క.  “నాలుగు, ఒకటి తీసుకోండి. నడుమది సూడండి సార్.”

ఆయన కాగితం మీద వేసుకున్నారు. ఆరుంపావు అని రాసి, ఇంకోసారి గుణించి చూసుకున్నారు. తర్వాత ప్రశ్నాపత్రం అడిగారు. కళ్ళజోడు పైకెత్తి, కాగితాన్ని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చదివారు. బీరువా తెరిచి తను చేత్తో రాసిచ్చిన ప్రతి తీశారు. అందులో గుర్తు సరిగ్గానే ఉంది.

“టైపులో పోయింది సార్” అన్నాను, ఆయనకి సాయం చేసినట్టుగా.

“టైపులో పోతే పోయింది. టైపు ప్రతి సూసి సంతకం పెట్టింది నేను కదా.” కుర్చీలో వెనక్కి వాలారు. ఆ తర్వాత ఆయన అడిగిన మాటకే నేను రెండ్రోజులుగా భయపడుతున్నాను. “మరైతే నీకు రుజువెలా వచ్చిందమ్మా? లేనిదానికి రుజువెలా వస్తాది? నీ పేపరు తే.”

ఇచ్చాను. ఆయన వేలు వరుస వరుసకీ దిగుతూ వచ్చి అక్కడ ఆగింది. అక్క ఇచ్చిన బిందువులే అడ్డంగా గుణించారు. ఒకట్ల ఒకటి, నాలుగు నాలుగుల పదహారు. మొత్తం పదిహేడు.

“పదిహేడు ఎనిమిదికి మించదని రాసేవు. ఇక్కడ గుర్తు తిరిగింది. నువ్వు సూసుకోకండా రాసేవా?”

చూసుకోలేదు అని అనడం ఎంత సులువో నాకు ఆ క్షణంలో తెలుసు.

“చూసేను సార్. చూసే తిప్పేను.”

ఆయన కోప్పడతారనుకున్నాను. పడలేదు. నా కాగితం మీది టిక్కు మీద వేలు పెట్టి, “నేను సూడకండా టిక్కు పెట్టేను” అన్నారు మెల్లగా. ఎర్ర పెన్ను తీసి పది కొట్టేసి రెండు వేశారు. నిర్వచనం రాసినందుకు ఆ రెండు. పక్కనుంచి అక్క, “దాన్ని వదిలీండి సార్, అదే నన్ను తీసుకొచ్చింది” అంది. “తీసుకురావడం వేరమ్మా, ఇది వేరు” అన్నారాయన. తర్వాత అక్క పేపరు మీద సున్నా కొట్టేసి పది వేశారు. ‘నోట్సు చూడుము’ అన్న మాటని కూడా కొట్టేశారు.

ఆ మధ్యాహ్నం తరగతిలో బోర్డు ముందు నిలబడి ఆయనే అంతా చెప్పారు. తప్పు తనదన్నారు. అక్కని పిలిచి సుద్దముక్క చేతిలో పెట్టారు. బోర్డు మీద అక్క అంతకుముందెప్పుడూ రాయలేదు. రెండు అక్షాలూ గీసి, వంకర గీత గీసి, దాని కింద భాగమంతా సమితి అని చూపించి, ఆ రెండు బిందువుల్నీ కలిపింది. గీత మధ్యలో వంకర దాటి పైకి పోయింది. “ఇక్కడ బయటికి ఎల్లిపోతన్నాది” అంది. ఎవరో నవ్వారు. మాస్టారు అటు చూసేసరికి ఆపేశారు.

అబ్బాయిలు ఊరుకోలేదు. ప్రశ్న తప్పు పడితే మాకెందుకు మార్కులు పోవాలి సార్ అన్నారు. అదీ న్యాయమే. మాస్టారు, “ప్రశ్న తప్పు కాదు. అచ్చులో ఉన్న ప్రశ్నకి జవాబున్నాది. కానీ నేను ఇద్దామనుకున్న ప్రశ్న అది కాదు గనక మీకింకో అవకాశం ఇస్తాను” అన్నారు. అక్క తప్ప అందరం మరుసటి వారం మళ్ళీ పది మార్కులకి రాశాం.

ఈసారి రెండు షరతులు. వై ఎక్స్ వర్గానికి తగ్గకూడదు, ఎక్స్, వై కలిపితే ఆరు దాటకూడదు. నోట్సులో లేదు. అక్క ఎప్పుడూ చేసినట్టే ముందు అంకెలు వేసుకున్నాను. ఒకటి, ఒకటి. మైనస్ రెండు, నాలుగు. నడుమ మైనస్ అర, రెండున్నర. లోపలే ఉంది. ఇంకో జత, లోపలే. అవును అనిపించాక అప్పుడు అక్షరాలకి వెళ్ళాను. వర్గాల వాటాల్లోంచి వాటాల వర్గం తీసేస్తే మిగిలేది ఎక్స్‌ల తేడా వర్గం, దాన్ని లాంబ్డాతోనూ మిగిలిన వంతుతోనూ గుణించింది. అది ఎప్పుడూ రుణం కాదు. ప్రతి గుర్తు దగ్గరా ఆగి, ఎందుకు అని పక్కన రాశాను. ఎనిమిది వచ్చాయి. రెండు షరతుల సమితులూ విడివిడిగా కాన్వెక్స్ అని రాసి, రెండిటికీ ఉమ్మడి భాగం కూడా కాన్వెక్సే అన్న మాట రాయడం మర్చిపోయాను. ఆ సెమిస్టర్ కాలేజీ ఫస్ట్ ఇంకొకరికి వెళ్ళింది. నాన్న, “రెండోది మాత్రం తక్కువేటి” అన్నాడు.

ఇప్పుడు నేను విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. అక్క నరసన్నపేటలో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతోంది. తన కూతురికి పెళ్ళయింది కూడా. పోయిన ఎండాకాలం ఇద్దరం కలిసి కోటబొమ్మాళి వెళ్ళాం, మాస్టారిని చూద్దామని. మనిషి చిక్కిపోయారు. అరుగు మీద మంచం వేసుకుని కూర్చున్నారు. మమ్మల్ని గుర్తుపట్టడానికి కాస్సేపు పట్టింది. గుర్తుపట్టాక, “తిండి తినకండా ఎల్లడానికి లేదు” అని ఇంట్లోకి కేకేశారు. ఆయన భార్య, మాకు మేడమ్, ముంజలు తెచ్చిపెట్టారు. మోకాళ్ళ నొప్పుల గురించీ, కాలేజీ వెనక మిల్లు మూసేసిన సంగతి గురించీ మాట్లాడుకున్నాం.

మాటల్లో అక్క, “సార్, ఆ పేపరు గుర్తున్నాదా, గుర్తు తిరగబడిపోయిన లెక్క?” అంది.

“ఏ పేపరమ్మా?”

నిజంగానే గుర్తులేదు ఆయనకి. అక్క మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. తగ్గకూడదు, మించకూడదు, ఒకటి నాలుగు, నాలుగు ఒకటి, ఆరుంపావు. ఆయన ఎవరో వేరే మాస్టారి కథ వింటున్నట్టు విన్నారు. మధ్యలో నా సంగతి వచ్చినప్పుడు అక్క ఆగింది. నేనే అందుకుని, నేను గుర్తు తిప్పి రాసిన సంగతి చెప్పాను. ఆయన తల ఊపారు, నాకేసి చూడలేదు. ముంజ తొక్క తీసి పక్కన పెట్టి, కాస్త ఆందోళనగా అక్కనడిగారు.

“మరైతే నీకు మార్కులు వేసేనా, లేదా?”

“వేసేరు సార్” అంది అక్క. “పదికి పది వేసేరు.”

“మంచిది” అన్నారు మాస్టారు. “మంచిదమ్మా.” మేడమ్ వచ్చి ఇంకో రెండు ముంజలు నా పళ్ళెంలో వేసి వెళ్ళారు. తిరుగు రైలుకి ఇంకా అరగంట ఉంది. మేము తింటూ కూర్చున్నాం.